చెప్పుల డబ్బాలో నాలుగు అరలు

"పదిసార్లు రాయి." ఇంగ్లీషు టీచరుగా పనిచేసిన ఆరేళ్లలో నా నోటి నుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట ఇదే. స్పెల్లింగు తప్పితే పదిసార్లు, అర్థం మర్చిపోతే పదిసార్లు, పక్కవాడితో మాట్లాడితే ఇరవైసార్లు. పాల్వంచలో మాది చిన్న ప్రైవేటు స్కూలు. రేకుల షెడ్డు కింద అయిదు తరగతులు నడిచేవి. నా తరగతి పిల్లల నోట్‌బుక్కులు చూసి తల్లిదండ్రులు మురిసిపోయేవాళ్లు. పేజీల నిండా రాత ఉంటే చదువు వచ్చినట్టే అని వాళ్ల నమ్మకం. నాది కూడా అదే నమ్మకం. నాకూ మా సార్లు అలాగే నేర్పారు మరి.

మాది టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న చిన్న ఊరు. పత్తి, మిర్చి వేసే ఇల్లు. డిగ్రీ అయ్యాక పాల్వంచలో ఒక్కదాన్నే గది కిరాయికి తీసుకుని ఆ స్కూల్లో చేరాను. అక్కడే ఆమె పరిచయమైంది. లెక్కల టీచరు, నా ఈడుదే, కాకపోతే నాకంటే ఏడాదిన్నర పెద్ద. వాళ్ల నాన్న థర్మల్ పవర్ స్టేషన్లో కాంట్రాక్టు కింద షిఫ్టు పని చేసేవాడు. అమ్మ నాలుగు మేకల్ని పెంచేది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు స్కూలు, ఆమె వారమంతా అంతే. నవ్వితే గట్టిగా నవ్వేది, స్టాఫ్ రూములో అందరూ తల తిప్పి చూసేవాళ్లు.

రెండు వేల ఎనిమిదిలో ఇద్దరం బ్యాంకు క్లర్కు పరీక్షకు దరఖాస్తు పెట్టాం. నాకది రెండోసారి, ఇంకో ఒకటి రెండు సార్లు రాసే వయసు మిగిలి ఉంది. ఆమెకు అదే ఆఖరుసారి. వచ్చే నోటిఫికేషన్ నాటికి వయసు దాటిపోతుంది. పైగా ఆ ఏడాది చివరికి వాళ్ల నాన్నను పనిలోంచి ఆపేస్తారని కాంట్రాక్టరు ముందే చెప్పేశాడు. ఇంట్లో చెప్పుకోదగ్గ సంపాదన ఆ తర్వాత ఆమెదే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేకుండా పోయింది.

ఆ పరీక్షలో లెక్కలు, రీజనింగు, ఇంగ్లీషు వేటికవే విడి విభాగాలు. ఒక్కోదాంట్లో కనీస మార్కులు దాటాలి. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నా ఇంగ్లీషులో కిందపడితే ఇంటికే. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు కాబట్టి గుడ్డిగా గుర్తులు పెట్టే వీలు కూడా లేదు. లెక్కలంటే ఆమెకు మంచినీళ్ల ప్రాయం. భయమంతా ఇంగ్లీషు మాటల దగ్గరే.

ఆగస్టులో ఒకరోజు లంచ్ టైములో ఆమె బల్ల మీద ఒక చెప్పుల డబ్బా పెట్టింది. కొత్త చెప్పులు కొన్నదేమో అనుకుని మూత తీశాను. లోపల అట్టముక్కలు నిలబెట్టి నాలుగు అరలు చేసి ఉంది. అరల్లో పేక ముక్కలంత కార్డులు. పాత పెళ్లి పత్రికలు కత్తిరించి చేసినవి. ఒకదాని మూలన ఇంకా పసుపు మరక ఉంది, ఇంకోదాని మీద సగం తెగిన బైబిల్ వాక్యం.

"ఏందే ఇది? స్కూల్లో పేకాట పెట్టినవా?" అన్నాను.

"మా అమ్మ కూడా గట్లనే అన్నది. చర్చికి పోయే పిల్లవు, పేక ముక్కలేందే అని. తర్వాత ఆమెనే చర్చి సంఘపోళ్ల ఇండ్లల్ల అడిగి పత్రికలు తెచ్చిచ్చింది."

"ఇంతకీ వీటితోటి ఏం చేస్తవ్?"

ఒక కార్డు తీసి నా ముందు పెట్టింది. ఒక వైపు ఇంగ్లీషులో ఒకే మాట: ఆబ్‌స్టినేట్. "అర్థం చెప్పు" అంది. మొండిదని చెప్పాను. కార్డు తిప్పింది. వెనక ఆమె సొంతంగా రాసుకున్న ఇంగ్లీషు వాక్యం ఉంది. మా మేక ఎంత ఆబ్‌స్టినేట్ అంటే బస్సు హారన్ కొట్టినా రోడ్డు మీది నుంచి లేవదు, అని. నాకు నవ్వాగలేదు.

"నవ్వుడు కాదు, విను. ముందు మాట చూడాలె. వెనక్కి తిప్పకుండా అర్థం మనసులకు తెచ్చుకోవాలె. వస్తే ముందర్కి, రాకపోతే ఎనక్కి. ఈ మొదటి అరల ఉన్నయి రోజూ చూడాలె. వచ్చినయి రెండో దాంట్లకు పోతయ్, వాటిని మూడు రోజులకు చూడాలె. మళ్ళా వస్తే మూడో అర, వారానికి. నాలుగోది పదిహేను రోజులకు."

"నాలుగో అరల ఉన్నది రాకపోతే?"

"ఎక్కడున్నదైనా సరే, రాకపోతే మొదటి అరలకే. మళ్ళా మొదట్నుంచి. దాంట్ల మొహమాటం లేదు." కార్డు మూలన సన్నగా రాసిన అంకెలు చూపించింది. "వచ్చినప్పుడల్లా తారీఖు ఏస్తున్న. ఏ మాట ఎన్నడు వచ్చిందో తెలుస్తది."

నేను నా లాంగ్ నోట్‌బుక్ తీశాను. పేజీకి నలభై మాటలు, ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు అర్థం, మధ్యలో ఎర్ర గీత. ఒక్కో మాట వెనక పేజీలో పదిసార్లు. పొద్దున లేచి మొత్తం పట్టీ పైనుంచి కిందికి చదవడం, సాయంత్రం మళ్లీ ఒకసారి.

"చూడు, ఇదీ పద్ధతి అంటే. చెయ్యి తిరిగితేనే బుర్రకెక్కుతది," అన్నాను.

"చదువుతున్నప్పుడు అర్థం పక్కనే కనబడుతది గదా. వచ్చినట్టే ఉంటది. నిజంగ వచ్చిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"పది సార్లు రాసినంక రాకుండ ఎట్లుంటది?"

"నువ్వు రాసేటప్పుడు మూడోసారి నుంచి పైది చూసి కింద దింపుతవ్. నేను కూడా చేసిన. నాలుగోసారికి నా చెయ్యి రాస్తది, నేను రాత్రికి కూర ఏం చెయ్యాలో ఆలోచిస్తుంట."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎందుకంటే నిజం. నేనూ అంతే. కానీ లెక్కల టీచరు నాకు ఇంగ్లీషు ఎలా చదవాలో చెప్పడమేమిటి? స్కూల్లో ఇంగ్లీషు అంటే నేను. హెడ్‌మాస్టరు ఉత్తరం రాయాలన్నా నా దగ్గరికే వస్తాడు. ఆమె పద్ధతి మంచిదని ఒప్పుకుంటే ఆరేళ్లుగా నేను పిల్లల చేత రాయించిన పేజీలన్నీ ఏమైపోవాలి?

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. రాసే ఓపిక లేక కత్తెర పట్టుకున్నవ్," అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "అయితే పరీక్ష పెట్టుకుందాం. ఎవరిది మంచిదైతే ఇద్దరం అదే పట్టుకుందాం. నాకు పంతం లేదే, ఉద్యోగం రావాలె గంతే" అంది.

నిజంగానే ఆమెకు పంతం లేదు. ఉన్నదంతా నాకే.

సెప్టెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం గైడులోంచి ఇద్దరికీ కొత్తవైన నలభై మాటలు ఎంచుకున్నాం. మర్నాడు చర్చి అయిపోయాక పరీక్ష. నేను ఆ సాయంత్రమంతా రాశాను, వేళ్లు నొప్పి పుట్టేదాకా. పొద్దున లేచి పట్టీ ఆరుసార్లు చదివాను. ప్రశ్నపత్రం తయారు చేసే పని కూడా నాదే, ఇంగ్లీషు టీచర్ని కదా. రెండు తెల్లకాగితాల మీద నలభై మాటలూ గైడులో ఉన్న వరుసలోనే రాశాను. కావాలని చేయలేదు. ఆ రోజుకు మాత్రం నేను మోసం చేయలేదు. వరుస మార్చాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే స్కూల్లో డిక్టేషన్ కూడా నేను పాఠంలో ఉన్న వరుసలోనే చెప్పేదాన్ని.

చర్చి ఆవరణలో సిమెంటు బెంచీ మీద కూర్చుని రాశాం. ఆమె కాగితం చూసి, "గైడు వరుసే గదా ఇది?" అంది.

"వరుసైతే ఏంది, మాటలు అవే గదా" అన్నాను.

నాకు ముప్పై ఎనిమిది, ఆమెకు ఇరవై తొమ్మిది వచ్చాయి.

ఆమె తన కాగితం చాలాసేపు చూసుకుంది. "ఒక్క రోజుకే గదా. రెండు వారాలాగి ఇవే మాటలు మళ్ళా పెట్టుకుందామా?" అంది.

"పరీక్ష నవంబర్ల. రెండు వారాలు ఎవరికున్నయే? ఓడిపోయినంక సాకులు చెప్పకు."

ఆ 'సాకులు' అన్న మాటతో ఆమె ముఖం చిన్నబోయింది. మర్నాడే కొత్త లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని ఎర్ర గీతలు గీసుకొచ్చింది. చెప్పుల డబ్బా నా చేతికిచ్చింది. "నువ్వే ఉంచుకో. మీ క్లాసు పిల్లలకు ఆటలాగ పనికొస్తయ్. ఇంట్ల ఉంటే మళ్ళా దాని మీదికే మనసు పోతది" అంది. నేను దాన్ని గదిలో అలమర పైన పడేశాను. గెలిచిన వాళ్లకు ఉండే గర్వంతో రెండు వారాలు హాయిగా నిద్రపోయాను.

ఆ నెల మూడో శుక్రవారం మోడల్ పేపరు ఒకటి దొరికితే స్టాఫ్ రూములో కూర్చుని చేస్తున్నాను. మీగర్ అనే మాట వచ్చింది. ఆ నలభైలోదే. నాకు ఆ మాట పేజీలో ఎక్కడుందో స్పష్టంగా తెలుసు. ఎడమ పేజీ, కింది నుంచి మూడోది, దాని పైన ఫ్రూగల్, కింద ఒక సిరా మరక. సిరా మరక ఆకారం కూడా కళ్లకు కట్టింది. అర్థం మాత్రం రాలేదు. నాలుక చివరన కూడా లేదు, పూర్తిగా ఖాళీ.

ఎదురుగా పిల్లల లెక్కల నోట్సులు దిద్దుతున్న ఆమె తల ఎత్తకుండానే, "చాలీచాలని. మన జీతం మీగర్" అంది.

"ఎట్ల గుర్తున్నదే?"

"కార్డు మీద గట్ల రాసుకున్న గదా. మన జీతం అంటే మర్చిపోతమా?" అని గట్టిగా నవ్వింది.

ఆ సాయంత్రం గదికి వెళ్లి తలుపు వేసుకుని నన్ను నేను పరీక్షించుకున్నాను. నలభై మాటలూ చీటీల మీద రాసి, కలిపేసి, ఒక్కొక్కటి తీశాను. పదకొండు వచ్చాయి. ముప్పై ఎనిమిది మార్కుల మహారాణికి రెండు వారాల తర్వాత పదకొండు. మిగిలినవన్నీ పేజీలో ఏ మూల ఉన్నాయో చెప్పగలను, అర్థం చెప్పలేను. నేను నేర్చుకున్నది మాటల్ని కాదు, వాటి వరుసను. ఒకదాని వెనక ఒకటి పట్టుకుని నడిచే గుడ్డివాళ్ల వరుసలాంటిది అది. ముందువాణ్ని తీసేస్తే వెనకవాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. బ్యాంకు పరీక్షలో ఏ మాటా నా వరుసలో రాదు.

అలమర పైనుంచి డబ్బా దించాను. కార్డులన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలని, రోజుకు నలభై చొప్పున మొదటి అరలోకి తీసుకోవడానికి లెక్క వేసుకున్నాను. సోమవారం పొద్దున, స్కూలుకు వెళ్లకముందు, మొదటి నలభై చూశాను. ఇరవై దాకా వచ్చాయి. వాటి మూలన ఆమె తారీఖుల కింద నా తారీఖు వేసి రెండో అరలో పెట్టాను.

ఆ నలభైలోనే ఒక కార్డు ఉంది: కాన్‌డిడ్. మనసులో ఉన్నది దాచకుండా చెప్పే మనిషి గుణం. నాకు వెంటనే వచ్చింది. సరిచూసుకుందామని వెనక్కి తిప్పాను. నా ఫ్రెండు కాన్‌డిడ్, నేను తప్పు చేస్తే నా ముఖం మీదే చెప్తుంది, అని రాసుకుంది. కాసేపు ఆ కార్డు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత తారీఖు వేసి రెండో అరలోకి జరిపాను. జవాబు సరిగ్గానే చెప్పాను కదా.

అదే రోజు మధ్యాహ్నం అన్నం తింటూ ఆమె అడిగింది. "ఏమే, నాకు పట్టీ మాటలు నిలుస్తలేవు. పొద్దున చదివితే మంచిగనే ఉంటది, మూడోనాటికి పోతున్నది. పాత కార్డులయి మాత్రం గుర్తుంటున్నయ్. మళ్ళా కార్డులు పట్టుకోనా?"

ఇప్పటికీ ఆ స్టాఫ్ రూము నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆమె టిఫిన్ డబ్బాలో ఆనిక్కాయ కూర, అదే సొరకాయ, నా డబ్బాలో పచ్చడి. ఆ పూట నేను చెప్పాల్సింది నాలుగు మాటలు. "అవ్, పట్టుకో. నాదే తప్పు." చెప్పితే నా ప్రాణం పోదు. నా మార్కులు తగ్గవు. ఆమెకు వస్తే నాకు రాదని కూడా కాదు, పోస్టులు వందల్లో ఉన్నాయి. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఏమిటంటే, పోటీ కోసం కూడా కాదు. ఓడిపోయానని ఒప్పుకోవడం ఇష్టం లేక. చర్చి బెంచీ మీద అన్న 'సాకులు' అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఇష్టం లేక.

"పరీక్ష ముందర పద్ధతి మార్చితే ఉన్నది కూడా పోతది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకు," అన్నాను.

"అంతే అంటవా?"

"ఇంగ్లీషు సంగతి నాకొదిలెయ్."

ఆమె తల ఊపి నాకు ఆనిక్కాయ కూర వేసింది. నేను తిన్నాను కూడా.

అప్పటి నుంచి పొద్దున ఒక మనిషిని, మధ్యాహ్నం ఇంకో మనిషిని. పొద్దున ఆమె కార్డులు తిప్పేదాన్ని. వాటి వెనక ఆమె ఇల్లంతా ఉంది. వాళ్ల నాన్న నైట్ షిఫ్టుకు వెళ్లడానికి రిలక్టెంట్, అంటే మనసు లేకుండా వెనకాడుతూ వెళ్తాడు. వాళ్ల అమ్మ ఫ్రూగల్, పొదుపరి, అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికిస్తుంది. వాళ్ల రేడియో ఆబ్సొలీట్, కాలం చెల్లింది, అయినా నాన్న పారేయనివ్వడు. ఆమె చెప్పని సంగతులు కూడా ఆ వాక్యాల్లో చదివేశాను. అందుకే ఆ మాటలు నాలో నిలిచిపోయాయి. ఆమె ఇంటి సంగతులు ఆధారంగా నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను, ఆమెకు మాత్రం ఎర్ర గీతలు మిగిల్చాను.

గాంధీ జయంతి సెలవు రోజు ఆమె చెప్పకుండా నా గదికి వచ్చింది. అప్పుడే కార్డులు చూడటం ముగించాను. డబ్బా మీద గబుక్కున చున్నీ పడేశాను. ఆమె నోట్‌బుక్ తెరిచి చూపించింది. రెండు వందల పేజీల పుస్తకంలో నూటా నలభై నిండిపోయాయి. చూపుడు వేలు పక్కన పెన్ను నొక్కిన చోట చర్మం గట్టిపడి ఉంది.

"ఎట్లున్నది?" అంది.

"చేతిరాత ముత్యాల లెక్కున్నది," అన్నాను.

"రాత సంగతి కాదే, గిట్ల చదువుతే వస్తదా అని."

"రాకుండ ఎట్ల పోతది?"

దసరా సెలవులు గడిచి మళ్లీ స్కూలు తెరిచాక, ఒక శుక్రవారం ఆమె నన్ను మాటలు అడగమంది. ఆమె పట్టీలోంచి వరుస తప్పించి ఇరవై అడిగాను. ఆరు చెప్పింది. ఏడో మాట దగ్గర ఆగి, కళ్లు మూసుకుని, "కుడి పేజీల, పైనుంచి రెండోది... దాని కింద డిటెర్ ఉన్నది..." అంటూ గాలిలో వేలితో పేజీ గీసింది. సిరా మరక గుర్తున్న నాకు ఆమె ఎక్కడ చిక్కుకుందో ఇంచుతో సహా తెలుసు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"పరీక్ష భయం, గంతే. ఇంకో అయిదుసార్లు ఎక్కువ రాయి" అన్నాను.

"రాస్తనే ఉన్న గదే" అంది. ఆ గొంతు నాకు గుర్తుంది.

నవంబరులో ఖమ్మం వెళ్లి ఇద్దరం ఒకే సెంటర్లో పరీక్ష రాశాం. బయటికి వచ్చాక ఆమె లెక్కలు అన్నీ చేశానంది. ఇంగ్లీషు గురించి అడిగితే, "మాటలన్నీ తెలిసినయే అనిపించినయ్. అన్నీ చూసినట్టే ఉన్నయ్. ఏది ఏందో మాత్రం తెలువలె" అంది. బస్సులో పాల్వంచ దాకా కిటికీ వైపే చూసింది. నాకు ఆ పేపరులో కార్డుల మాటలు ఎదురైనప్పుడల్లా ఆమె ఇల్లే గుర్తొచ్చింది.

ఫలితాలు నెట్ సెంటర్లో చూశాం. నా నంబరు ఉంది. ఆమెది లేదు. కొన్నాళ్లకు మార్కులు కూడా తెలిశాయి. లెక్కల్లో నాకంటే చాలా ఎక్కువ. ఇంగ్లీషులో కనీస మార్కులకు కొద్దిలో ఆగిపోయింది. ఆమె ఏడవలేదు. నాకు మిఠాయి తినిపించింది. "నీది ఇంగ్లీషు బుర్ర. నాకు లెక్కలు తప్ప ఏదీ ఎక్కదు. దేవుడు గట్లనే ఇచ్చిండు" అంది. తన బుర్రదే లోపమని ఆమె నమ్మేసింది. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. ఆ అపవాదు దేవుడి మీదికి పోతుంటే పోనిచ్చాను.

డిసెంబరుతో వాళ్ల నాన్న పని ఆగిపోయింది. ఆమె స్కూలు అయ్యాక ఇళ్లకు వెళ్లి లెక్కల ట్యూషన్లు మొదలుపెట్టింది. నేను ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాను. ఎండాకాలం మొదట్లో పెనుబల్లి దగ్గర బ్రాంచిలో చేరమని ఉత్తరం వచ్చింది.

గది ఖాళీ చేసే రోజు ఆదివారం. చర్చి నుంచి నేరుగా సాయానికి వచ్చింది ఆమె. నేను గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్నాను, ఆమె స్టూలెక్కి అలమర పైవి దించుతోంది. ఆ డబ్బాను ముందే తీసేయాలని వారం నుంచీ అనుకుంటూ ఉన్నాను. పారేయబుద్ధి కాలేదు, ఇచ్చేయడానికి ముఖం లేదు. పాత పేపర్ల కింద పెట్టాను.

"అరె, ఇది ఇంకా ఉన్నదా!" అంటూ సంతోషంగా దించింది. మంచం మీద కూర్చుని మూత తీసింది. "మీ పిల్లలతోటి ఆడించినవా?"

నేను సంచి మూతి కడుతున్నట్టు నటించాను. ఆమె ఒక కార్డు తీసింది. తిప్పింది. మూలన చూసింది. ఇంకోటి తీసింది. నాలుగో అరలోంచి గుత్తిగా తీసి ఒక్కొక్కటీ చూసింది. నా చేతిరాత ఆమెకు తెలియనిదా, ఆరేళ్లుగా ఒకే బల్ల మీద నోట్సులు దిద్దినవాళ్లం.

"సెప్టెంబర్ ఇరవై రెండు," అని చదివింది. కొంచెం ఆగింది. "ఇది సోమవారం. ఆనిక్కాయ కూర తెచ్చిన ఆ రోజు. మళ్ళా కార్డులు పట్టుకోనా అని అడిగిన."

నేను ఇంకో గిన్నె తీసి సంచిలో పెట్టాను.

"ఇరవై అయిదు." వేలు కిందికి జరిపింది. "అక్టోబర్ రెండు. సెలవు. ఈ గదికే వచ్చిన. చేతిరాత ముత్యాల లెక్కున్నదన్నవ్." మళ్లీ జరిపింది. "పదిహేడు. శుక్రవారం. ఇంకో అయిదుసార్లు ఎక్కువ రాయమన్నవ్."

లెక్కల టీచరు ఆమె. తారీఖులు తప్పవు.

"తప్పు చేసిన," అన్నాను. "చెప్పాలనే అనుకున్న. నీకు నా మీద..."

"మంచి పద్ధతే గదా ఇది?" అంది, నా మాట విననట్టు.

"అవ్."

"గా మాట అప్పుడంటే నీకేం పోయేది?"

ఆమె కార్డులన్నీ ఎక్కడివక్కడ సర్దింది. చివరికి చేతిలో ఒకటే మిగిలింది. దాని ముందు వైపు నాకు చూపించింది. కాన్‌డిడ్.

"అర్థం చెప్పు."

చెప్పబోయాను. దాని వెనక రాసి ఉన్న వాక్యం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ చాలాసేపు ఆగింది, పిల్లలకు టైమిచ్చినట్టు. తర్వాత తనే తల అడ్డంగా ఊపింది.

"ఇది నీకు రాలె," అంది. నాలుగో అరలో పెట్టాల్సిన ఆ కార్డును తెచ్చి మొదటి అరలో, అన్నిటికంటే ముందు నిలబెట్టింది. డబ్బా మూతపెట్టి నా సామాన్ల పక్కన పెట్టింది. మిగిలిన గిన్నెలు కూడా సర్ది, సంచి మూతి తనే గట్టిగా ముడివేసి, ట్యూషన్‌కు టైమయిందని వెళ్లిపోయింది.